ఫోన్లో మాట అందడం లేదా? వినికిడి తగ్గినవారు కాల్స్ మాట్లాడే పద్ధతి

ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట బాగానే అర్థమవుతుంది, అదే మనిషి ఫోన్ చేస్తే సగం మాటలు జారిపోతాయి. వినికిడి తగ్గినవారిలో చాలామంది చెప్పే మాట ఇదే. అప్పుడు అందరూ చేసే మొదటి పని వాల్యూము పెంచడం. శబ్దం పెరుగుతుంది, చెవి హోరెత్తుతుంది, మాట మాత్రం అక్కడే ఉంటుంది. నేను రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకునే మనిషిని. ఫోన్ సంభాషణను ఒక దారికి తెచ్చుకోవాలంటే ముందు ఆ వాల్యూము బటన్ మీది నమ్మకం తగ్గించుకోవాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పి, తర్వాత చేయాల్సిన పనులు ఒక్కొక్కటిగా చెబుతాను.

వయసుతో వచ్చే వినికిడి లోపం గానీ, పెద్ద మోతల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినందువల్ల వచ్చే లోపం గానీ సాధారణంగా సన్నని, కీచు ధ్వనుల దగ్గర మొదలవుతుంది. అచ్చులు, మ, న, బ, గ లాంటి అక్షరాల్లోని నాదం కింది స్థాయి ధ్వని. అది చాలాకాలం బాగానే వినిపిస్తుంది. క, త, ప, చ, స లాంటి హల్లులను ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరుచేసే గుర్తులు చాలావరకు 2000 హెర్ట్జ్ పైన ఉంటాయి. 'స'లోని బుస 4000 కూడా దాటుతుంది. సరిగ్గా అక్కడే చెవి బలహీనం. పైగా పాత తరహా ఫోను లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని పంపుతుంది, మిగతాది కత్తిరించేస్తుంది. చెవి కొంత వదిలేసింది, లైను ఇంకొంత కోసేసింది. వాల్యూము పెంచినప్పుడు, అప్పటికే వినిపిస్తున్న అచ్చులు ఇంకా పెద్దవవుతాయి. లైనులో రాని హల్లు ఎంత పెంచినా రాదు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. ఒక చెవికి ఫోన్ పెట్టుకుంటే నిన్నటిదాకా వినిపించి ఈ రోజు హఠాత్తుగా ఏమీ వినిపించకపోతే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి వచ్చే చెవుడుకు చికిత్స తొలి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది. దాన్ని చాలామంది ఫోన్ దగ్గరే గుర్తుపడతారు, ఫోన్ పాడైందనుకుని ఊరుకుంటారు.

మొదటి పని: మీ లైనును పరీక్షించండి

ఓపిక ఉన్న బంధువునొకరిని ఎంచుకోండి. కింది మాటలు వారికి సందేశంగా పంపండి: కోట, తోట, నోట, పాలు, కాలు, చాలు, పాట, మాట, బాట, పదిహేను, పదిహేడు, సరి. మొదట మామూలు ఫోన్ కాల్ చేయించుకుని, ఈ మాటలను తమకు తోచిన వరుసలో, ఒక్కో మాట మధ్య కాస్త ఆగుతూ చదవమనండి. మీరు విన్నది విన్నట్టు కాగితం మీద రాయండి, ఊహించి దిద్దవద్దు. తర్వాత ఇంటర్నెట్ మీద నడిచే కాల్‌లో, వరుస మార్చి మళ్లీ చదివించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంటర్నెట్ కాల్‌లో, నెట్ బాగుంటే, పాత లైను కోసేసే పై భాగం కూడా వస్తుంది. మామూలు ఫోన్ కాల్‌లోనూ ఇప్పుడు వెడల్పాటి ధ్వని ఉంది. ఫోన్ సెట్టింగుల్లో VoLTE అని కనిపించేది ఆన్ చేస్తే ధ్వని 50 నుంచి 7000 హెర్ట్జ్ దాకా రాగలదు. అయితే రెండు ఫోన్లూ, మధ్యలోని నెట్‌వర్కులూ దాన్ని అందుకోగలిగితేనే అది జరుగుతుంది. ఒక్కచోట తెగినా కాల్ పాత ఇరుకు లైనులోకి పడిపోతుంది. అందుకే ఒక బంధువు గొంతు ఫోన్లో స్పష్టంగా, మరొకరి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అది వాళ్ల గొంతు తప్పు కాదు. ఎవరితో ఏ దారిలో మాట బాగా అందుతుందో పరీక్షించి, ఫోన్ పుస్తకంలో వారి పేరు పక్కనే రాసి పెట్టుకోండి.

మీరు పొరబడ్డ తీరు కూడా ఒక సమాచారమే. 'కోట' అన్నది 'తోట'గా, 'పాలు' అన్నది 'కాలు'గా వినిపిస్తే అది హల్లు జారిపోవడం. దానికి వీడియో బాగా పనికొస్తుందని కింద చెబుతాను. మాటలు మధ్యలో తెగి, కొన్ని అసలే రాకపోతే అది నెట్ సమస్య. అన్ని మాటలూ దుప్పటి కింది నుంచి వచ్చినట్టు మందంగా ఉంటే ఫోన్ స్పీకరు జల్లెడలో దుమ్ము, వినికిడి యంత్రం ఫిల్టరులో గులిమి, లేదా చెవిలోనే గులిమి ఉన్నదేమో ముందు చూడండి. ఖరీదైన హెడ్‌సెట్ కొనకముందు ఇది చూసుకోవడం మంచిది.

రెండో పని: ధ్వనిని చెవిదాకా సరిగా చేర్చండి

ఒక్క చెవికి ఫోన్ ఆనించడం కన్నా రెండు చెవుల్లోనూ మాట పడితే ఎక్కువ తేటగా అర్థమవుతుంది. రెండో చెవి ఖాళీగా ఉంటే గదిలోని చప్పుడంతా అందులోంచి దూరి మాటను మింగేస్తుంది. అందువల్ల లక్ష్యం ఒకటే, మాట రెండు చెవులకూ చేరాలి.

మీ వినికిడి యంత్రానికి బ్లూటూత్ ఉంటే అదే అన్నిటికన్నా మంచి హెడ్‌సెట్. కాల్ నేరుగా యంత్రంలోకి వస్తుంది, మీ ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష పటం ప్రకారం మీకు అవసరమైన చోట పెరిగి వస్తుంది. జత చేసిన తర్వాత రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, కాల్ నడుస్తున్నప్పుడు బయటి చప్పుడును తగ్గించే అమరిక యంత్రపు ఆప్‌లో ఉంటుంది, దాన్ని వెతికి పెట్టుకోండి. రెండు, మీ గొంతును ఏ మైకు తీసుకుంటున్నదో తెలుసుకోండి. కొన్ని యంత్రాలు మీ మాటను తామే తీసుకుంటాయి. కొన్నిటిలో మీకు వినిపించేది యంత్రంలో, మీరు మాట్లాడాల్సింది ఫోన్ మైకులో. ఈ రెండో రకంలో ఫోన్‌ను బల్ల మీద వదిలి వంటగదిలోకి వెళితే మీకు అంతా వినిపిస్తూనే ఉంటుంది, అవతలివాళ్లు మాత్రం "ఉన్నారా, ఉన్నారా" అని అరుస్తుంటారు.

బ్లూటూత్ లేని, చెవి వెనక పెట్టుకునే యంత్రమైతే దాని మైకు చెవి రంధ్రం దగ్గర ఉండదు, చెవి పైభాగాన, వెనక వైపు ఉంటుంది. ఫోన్‌ను ఎప్పటిలా చెవికి ఆనిస్తే మాట యంత్రంలోకి సరిగా వెళ్లదు. ఫోన్‌ను కాస్త పైకి జరిపి, స్పీకరు ఆ మైకుకు ఎదురుగా ఉండేలా పట్టుకోండి. ఈల వస్తే మరీ దగ్గరగా ఉందని గుర్తు, ఒక వేలి మందం దూరం జరపండి. దీనికన్నా సుఖమైనది చెవి మొత్తాన్ని, యంత్రంతో సహా కప్పేసే పెద్ద గిన్నెల హెడ్‌ఫోన్. కొనేముందు యంత్రం పెట్టుకునే తలకు తగిలించి చూడండి. గిన్నె అంచు యంత్రాన్ని నొక్కితే నొప్పీ వస్తుంది, ఈలా వస్తుంది. యంత్రంలో టెలికాయిల్ అనే, అయస్కాంత సంకేతాన్ని అందుకునే చిన్న తీగచుట్ట ఉంటే మెడలో వేసుకునే లూపు ద్వారా కూడా కాల్ వినవచ్చు. దాన్ని మీ ఆడియాలజిస్టు ఆన్ చేసి ఇవ్వాలి. యంత్రంలో అమరి ఉన్నా ఆన్ చేయక నిద్రపోతున్న టెలికాయిళ్లు చాలా ఉంటాయి కనుక అడగడానికి మొహమాటపడకండి.

యంత్రం వాడనివారికి నా ఓటు వైరు హెడ్‌సెట్‌కే, నోటి ముందుకు మైకు వచ్చేదానికి. ఒక చెవి బాగా తగ్గి మరొకటి మెరుగ్గా ఉంటే ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ విభాగంలో, రెండు వైపులా ఒకే ధ్వని ఇచ్చే మోనో ఆడియో ఆన్ చేసి, ఎడమ-కుడి బ్యాలెన్సును మీకు తగ్గట్టు జరపండి. కొన్ని ఫోన్లు మీ ఆడియోగ్రామ్‌ను తీసుకుని, హెడ్‌ఫోన్లో కాల్ ధ్వనిని దానికి తగ్గట్టు దిద్దుతాయి కూడా. ఆ అమరిక పాటలకు వేరుగా, కాల్స్‌కు వేరుగా ఆన్ చేయాల్సి ఉంటుంది. కాల్స్ దగ్గర ఆన్ అయి ఉందో లేదో చూసుకోండి.

కంప్యూటర్ మీద వీడియో కాల్స్ చేసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాటలు హాయిగా వినిపిస్తాయి, కాల్ మొదలవగానే ధ్వని మొద్దుబారుతుంది. హెడ్‌సెట్ పాడవలేదు. పాత తరం బ్లూటూత్‌లో వినడం, మాట్లాడడం రెండూ ఒకేసారి జరగాలంటే అది ఇరుకైన ధ్వనికి మారిపోతుంది. ఉపాయం తేలిక: కాల్ ఆప్ సెట్టింగుల్లో మైకు దగ్గర హెడ్‌సెట్ తీసేసి, కంప్యూటర్ సొంత మైకును గానీ వైరు మైకును గానీ ఎంచుకోండి. హెడ్‌సెట్‌ను వినడానికి మాత్రమే ఉంచండి. అప్పుడు కొట్టొచ్చినట్టు తేడా తెలుస్తుంది.

మూడో పని: చెవి వదిలేసినదాన్ని కంటికి అప్పగించండి

పైన ఇచ్చిన మాటల పట్టికను అద్దం ముందు చదివి చూడండి. పాట, మాట, బాట మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. కంటికి తేడా తెలియదు. కానీ వాటి తేడా నాదంలో, ముక్కు నుంచి వచ్చే ధ్వనిలో ఉంటుంది, అది మన చెవికి చాలావరకు అందుతుంది. పాలు, కాలు, చాలు చెవికి కలిసిపోతాయి. కానీ 'పా' అన్నప్పుడు పెదవులు మూసుకోవడం ఎవరికైనా కనిపిస్తుంది. చెవి ఎక్కడ తడబడుతుందో అక్కడే కన్ను గట్టిగా ఉంటుంది. ఇదంతా పెదవుల భాష నేర్చుకున్నవారికే అనుకోవద్దు, వినగలిగేవారు కూడా తెలియకుండానే ఇలా చేస్తారు.

అందువల్ల వీడియో కాల్‌లో అడగాల్సింది అందమైన చిత్రం కాదు, నోరు కనబడే చిత్రం. బంధువులకు నాలుగు మాటలు చెబితే చాలు. కిటికీకి వీపు పెట్టి కూర్చోవద్దు, వెలుగు ముఖం మీద పడాలి. ఫోన్‌ను చేతిలో పట్టుకుని ఊపవద్దు, ఏదో ఒకదానికి ఆనించి కళ్ల ఎత్తులో ఉంచాలి. తలా భుజాలూ తెర నిండాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టవద్దు. తెర మీద నలుగురు ఉంటే మాట్లాడే మనిషి చిత్రాన్ని మీరు నొక్కి పెద్దది చేసుకోండి. తపాలా బిళ్లంత ముఖంలో పెదవులు చదవడం ఎవరి వల్లా కాదు.

నెట్ మందగించినప్పుడు చిత్రం ఆగి ఆగి వస్తుంది. లేదా మాట ముందు వచ్చి, పెదవులు తర్వాత కదులుతాయి. అప్పుడు తెర వైపు చూడడం మేలు కన్నా కీడే చేస్తుంది. మెదడు కన్నూ చెవీ చెప్పినవాటిని కలిపేసుకుంటుంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 'బ' ధ్వనికి 'గ' పలికే పెదవుల చిత్రాన్ని జోడిస్తే, చూసినవారికి చాలామందికి 'ద' వినిపించిందని చూపించారు. పొంతన తప్పిన వీడియోలో మీకు జరిగేది కూడా అలాంటిదే. అవతలివారిని రూటరుకు దగ్గరగా వెళ్లమనండి. అయినా కుదరకపోతే వీడియో ఆపేసి, ధ్వనికి మొత్తం నెట్ ఇచ్చి, క్యాప్షన్ల మీద ఆధారపడండి.

నాలుగో పని: క్యాప్షన్లు, వాటి మాయ

క్యాప్షన్లు మూడు చోట్ల దొరుకుతాయి. కొన్ని వీడియో సమావేశపు ఆప్‌లలో లోపలే ఉంటాయి. కొన్ని ఫోన్లలో Live Caption అనే అమరిక, ఫోన్లో వినిపించే మాటలను, కొన్ని మోడళ్లలో కాల్స్‌ను కూడా, అక్షరాలుగా చూపిస్తుంది. కానీ దానికి తెలిసిన భాషలు తక్కువ. సెట్టింగుల్లో భాషల జాబితా తెరిచి, మీ ఇంట్లో మాట్లాడే భాష ఉందో లేదో ముందు చూడండి. మూడోది Live Transcribe అనే ఆండ్రాయిడ్ ఆప్. చుట్టూ వినిపించే మాటను అక్షరాల్లోకి మారుస్తుంది, దానికి తెలుగు వచ్చు.

దీంతో ఒక ఇబ్బంది ఉంది. కాల్ నడుస్తున్న ఫోన్లోనే దీన్ని తెరిస్తే పనిచేయదు, ఎందుకంటే మైకు కాల్ చేతిలో ఉంటుంది. రెండో ఫోన్ కావాలి. ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోన్ దీనికి చక్కగా సరిపోతుంది, సిమ్ అవసరం లేదు, వైఫై ఉంటే చాలు. ఇలా చేయండి:

1. పాత ఫోన్లో ఆప్ తెరిచి, మొదటి భాషగా తెలుగు ఎంచుకోండి. ఇంట్లో ఇంగ్లీషు కలిపి మాట్లాడేవారుంటే రెండో భాషగా దాన్ని పెట్టండి. అక్షరాల సైజు పెద్దది చేయండి.
2. కాల్‌ను స్పీకర్లో పెట్టి, రెండు ఫోన్లనూ జానెడు దూరంలో పెట్టండి. మొదటి ఫోన్ స్పీకరు రెండో ఫోన్ మైకు వైపు తిరిగి ఉండాలి.
3. ఫ్యాను, టీవీ ఆపండి. మెత్తటి బట్ట పరిచిన బల్ల అయితే ఇంకా మంచిది, గట్టి బల్ల మీద శబ్దం ప్రతిధ్వనిస్తుంది.
4. బంధువుకు ముందే చెప్పండి, "మీ మాట నాకు అక్షరాల్లో వస్తోంది, జవాబు రెండు క్షణాలు ఆలస్యమవుతుంది" అని. ఇది మర్యాద కూడా. తమ మాట ఎక్కడో రాతగా మారుతోందని తెలియడం వాళ్ల హక్కు.

గమనించారా, ఇక్కడ కాల్ స్పీకర్లో ఉండాలి. హెడ్‌సెట్ పెట్టుకుంటే రెండో ఫోన్‌కు ఏమీ వినిపించదు. ఫోన్ మీద ఈ రెండింటినీ కలపడం కష్టం, కాబట్టి కాల్‌ను బట్టి ఎంచుకోవాలి. నా పద్ధతి చెబుతాను. కుశల ప్రశ్నలకు, కబుర్లకు యంత్రంలోకి నేరుగా వచ్చే ధ్వని. అక్కడ ఒక మాట జారినా ఏమీ మునగదు, గొంతు దగ్గరగా వినిపించడమే ఆనందం. తేదీలు, మందులు, డబ్బు, ప్రయాణాల గురించి అయితే స్పీకరు, క్యాప్షన్లు. అప్పుడు యంత్రాలను మామూలు స్థితిలో ఉంచి స్పీకర్నూ వింటాను.

క్యాప్షన్ల మాయ ఏమిటంటే, తప్పు కూడా చక్కని అక్షరాల్లోనే వస్తుంది. చెవికి సరిగా అందకపోతే అందలేదని మనకే తెలుస్తుంది. తెర మీద తప్పు మాట పడితే అనుమానమే రాదు. ముఖ్యంగా మూడింటిని నమ్మవద్దు: మనుషుల పేర్లు, అంకెలు, వాక్యం చివరి క్రియ. ఈ మూడోది మన భాషకు ప్రత్యేకమైన గండం. తెలుగులో 'అవును'కూ 'కాదు'కూ తేడా వాక్యం తోకలో ఉంటుంది. 'వేసుకోవాలి', 'వేసుకోకూడదు'. 'వస్తామన్నారు', 'రామన్నారు'. మాట్లాడేవారి గొంతు సరిగ్గా అక్కడికొచ్చేసరికి కిందికి జారిపోతుంది, ఊపిరి అయిపోతుంది. చెవికీ అది అందదు, తెరకూ అందదు.

ఐదో పని: బంధువులతో ఒప్పందం

దీన్ని ముఖ్యమైన కాల్ మధ్యలో కాదు, తీరికగా ఉన్న రోజున, వీలైతే ఎదురుగా కూర్చుని మాట్లాడుకోండి. నియమాలు ఎక్కువ పెడితే ఎవరూ పాటించరు. నా అనుభవంలో నిలబడేవి ఇవి.

కాల్‌కు ముందు ఒక్క వాక్యం సందేశం. "ఆపరేషన్ తేదీ గురించి మాట్లాడాలి" అని వచ్చిందనుకోండి, విషయం తెలుసు కాబట్టి జారిన మాటల్లో సగం మీరే పూరించుకుంటారు. మాట్లాడుతూ వేరే సంగతిలోకి వెళితే "ఇప్పుడు ఇంటి విషయం" అని ఒక మాట అని వెళ్లాలి. వినికిడి తగ్గినవాళ్లు ఎక్కువగా దారి తప్పేది ఈ మలుపుల దగ్గరే.

అరవవద్దు. ఈ మాట బంధువులకు నచ్చజెప్పడం కష్టం, ఎందుకంటే వాళ్లు ప్రేమతోనే అరుస్తారు. కానీ అరిచినప్పుడు అచ్చులు సాగుతాయి, హల్లులు నలుగుతాయి. ఫోన్ మైకు కూడా పెద్ద గొంతును చీల్చేస్తుంది. మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా, వాక్యం చివరిదాకా బలం తగ్గించకుండా మాట్లాడమనండి.

అర్థం కాకపోతే అదే వాక్యం ఒక్కసారి మళ్లీ చెప్పాలి. అప్పటికీ కాకపోతే మాటలు మార్చి చెప్పాలి. ఒకే హల్లు ఒకే చోట ఐదుసార్లు జారిపోతుంది, అందుకే ఐదుసార్లు చెప్పడం వల్ల ఇద్దరికీ విసుగే మిగులుతుంది. "సరేలే, వదిలేయండి, పెద్ద విషయం కాదు" అనే మాటను మాత్రం నిషేధించండి. ఆ మాట ఎంత బాధపెడుతుందో అనేవారికి తెలియదు.

ఇక మీ వైపు ఒప్పందం: అర్థం కాకుండా ఊ కొట్టడం మానాలి. ఫోన్లో ఊ కొట్టకపోతే లైను తెగిందనుకుంటారు, అందుకే అలవాటుగా కొట్టేస్తాం. అవతలివారు దాన్ని 'అర్థమైంది' అని లెక్కవేసుకుంటారు. దాని బదులు విన్నంత వరకు తిరిగి చెప్పండి. "ఏమిటీ?" అని అడిగితే మొత్తం మొదటినుంచి వస్తుంది, జారిన మాట మళ్లీ జారుతుంది. "గురువారం అన్నావు, ఎన్నింటికి?" అని అడిగితే ఒక్క మాటే వస్తుంది, దాని మీదే దృష్టి పెట్టవచ్చు.

నలుగురు కలిసి మాట్లాడే వీడియో కాల్స్‌కు ఒక్క నియమం చాలు: మాట్లాడేవారు ముందు చెయ్యెత్తాలి. చిన్నపిల్లల గొంతు సన్నగా ఉంటుంది కనుక గుంపులో అసలే అందదు. వాళ్లకు కాల్ చివర విడిగా ఐదు నిమిషాలు ఇవ్వండి, ముఖం తెరకు దగ్గరగా పెట్టి, గీసిన బొమ్మో బడి పుస్తకమో చేత్తో చూపిస్తూ మాట్లాడమనండి. వస్తువు కనిపిస్తే మాట దానంతట అదే అర్థమవుతుంది. అరగంట దాటితే మీకు అలసట వస్తుంది, అలసిన తర్వాత వినికిడి ఇంకా తగ్గినట్టు అనిపిస్తుంది. అప్పుడు సెలవు తీసుకోవడం అమర్యాద కాదని కూడా ఆ ఒప్పందంలోనే చేర్చండి.

ఒక కాల్ మొదటి నుంచి చివరిదాకా

ఒక పెద్దాయన ఉన్నారనుకుందాం. ఆడియోగ్రామ్‌లో 500 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెల్స్, 1000 దగ్గర 30, 2000 దగ్గర 55, 4000 దగ్గర 70. అంకె పెరిగేకొద్దీ వినికిడి అంత తక్కువ. అంటే గొంతు వినిపిస్తుంది, ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది, హల్లులు మాత్రం కలిసిపోతాయి. ఆయనకు కంటి ఆపరేషన్. తమ్ముడి కూతురు ఆసుపత్రిలో కనుక్కుని ఫోన్ చేస్తుంది.

ఒప్పందం లేని రోజుల్లో ఆ కాల్ ఇలా నడుస్తుంది. "పెదనాన్నా, పదిహేడు, గురువారం ఉదయం రమ్మన్నారు. బీపీ మాత్ర మామూలుగానే వేసుకోవాలట, షుగరు మాత్ర ఆ పూట వేసుకోకూడదట." ఆయన ఊ, ఊ అంటారు. ఫోన్ పెట్టేస్తారు. ఆయన చెవిలో మిగిలినవి: పదిహేను, ఉదయం, బీపీ, షుగరు, వేసుకోవాలి.

అదే కాల్ ఒప్పందం ప్రకారం. ముందు సందేశం వస్తుంది: "ఆపరేషన్ తేదీ, మందుల గురించి పది నిమిషాల్లో వీడియో కాల్ చేస్తాను." ఆయన ఫ్యాను ఆపి, రెండో ఫోన్ తెరిచి, కాగితం, కలం, క్యాలెండరు దగ్గర పెట్టుకుంటారు.

"పెదనాన్నా, ముందు తేదీ. పదిహేడు, గురువారం."

తెర మీద 'పదిహేను గురువారం' అని పడుతుంది. ఆయన క్యాలెండరు చూస్తారు. "గురువారం అన్నావమ్మా. క్యాలెండర్లో పదిహేను మంగళవారం ఉంది. అంకెలు విడివిడిగా చెప్పు."

"ఒకటి, ఏడు. పది మీద ఏడు."

"ఒకటి, ఏడు. గురువారం. సరే, రాశాను."

పదిహేను, పదిహేడు చెవికీ కలుస్తాయి, పెదవుల మీదా కలుస్తాయి, క్యాప్షన్లలోనూ కలుస్తాయి. నలభై, ఎనభై కూడా అంతే. ఇలాంటి చోట ఎన్నిసార్లు చెప్పించుకున్నా లాభం లేదు, అంకెలుగా విడగొట్టించుకోవాలి. తేదీతో పాటు వారం కూడా చెప్పే అలవాటు ఎంత పనికొస్తుందో చూశారుగా, ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది.

"ఇప్పుడు మందులు. బీపీ మాత్ర వేసుకోవాలి. షుగరు మాత్ర వద్దు. ఆ ఉదయం షుగరు మాత్ర మానేయాలి."

ఆమె 'వేసుకోకూడదు' అనలేదు. 'వద్దు', 'మానేయాలి' అన్నది. తోకలో దాక్కున్న నిషేధాన్ని విడి మాటగా బయటికి తెచ్చింది. ఆయన తిరిగి చెబుతారు: "బీపీ అవును. షుగరు వద్దు." ఆమె తలూపి, బొటనవేలు పైకెత్తి చూపిస్తుంది. ఫోన్ పెట్టేశాక మూడు వరుసల సందేశం పంపుతుంది: తేదీ, సమయం, మందులు. ఆయన దాన్ని తన కాగితంతో సరిపోల్చుకుంటారు. సమయం ఎన్నింటికో ఇద్దరూ మాట్లాడుకోలేదని అప్పుడు తెలుస్తుంది, సందేశంలో 7.30 అని ఉంది. చివరి సందేశం లేకపోతే ఆ ఒక్కటి జారిపోయేది.

తెలియనివారి కాల్స్

బంధువులతో ఒప్పందం కుదురుతుంది, ఆఫీసులతో కుదరదు. ఎక్కువ ఫోన్లలో కాల్‌ను తిరస్కరిస్తూ సందేశం పంపే వీలు ఉంటుంది, ఆ సందేశాన్ని మార్చుకోవచ్చు. ఇలా రాసి పెట్టుకోండి: "నాకు ఫోన్లో మాట సరిగా వినిపించదు. విషయం సందేశంగా గానీ మెయిల్‌గా గానీ పంపండి." తప్పనిసరిగా మాట్లాడాల్సి వస్తే మొదటి వాక్యంలోనే వినికిడి సంగతి చెప్పండి. "గట్టిగా మాట్లాడండి" అనకండి, "నిదానంగా, అంకెలు ఒక్కొక్కటిగా చెప్పండి" అనండి. గట్టిగా అంటే అరుస్తారు. ఏం చేయాలో కచ్చితంగా చెబితే చాలామంది అలాగే చేస్తారు. ఏదైనా సంఖ్య గానీ ఖాతా వివరం గానీ అడిగి, మీకు అర్థం కాని తొందర పెడితే మాత్రం ఊహించి జవాబివ్వకండి. పెట్టేసి, ఆ సంస్థ కాగితాల మీద ఉన్న నంబరుకు, ఇంట్లో మరొకరు పక్కన ఉన్నప్పుడు మీరే తిరిగి చేయండి.